ఆ 'ని', మన 'ని' ఒకటి కావు

"అక్కా, నమస్తే. మాది హనుమకొండ. నర్సింగ్ అయిపోయింది, జపాన్‌ల పని కోసం జపనీస్ నేర్చుకుంటున్న. మాటలు వస్తున్నయి, హిరగన చదవగలుగుతున్న. కాని ఖాళీలు నింపమంటే వ, గ, ఒ, ని నాలుగింట్ల ఏది పెట్టాల్నో తెలుస్తలేదు. 'వతషి ( ) సకన ( ) సుకి దెసు' అంటే నాకు చేప ఇష్టం అని తెలుసు. మొదటి ఖాళీల ని, రెండో దాంట్ల ఒ పెట్టిన. రెండూ తప్పన్నరు. 'తొమొదచి ( ) ఐమసు'ల ఒ పెట్టిన, అదీ తప్పే. తెలుగుల అనుకొని రాసుడే తప్పా? ఇంగ్లిష్‌ల అనుకోవాల్నా?"

చెల్లె, ఇంగ్లిష్ జోలికి పోవద్దు, పోతే చిక్కు ఇంకా ఎక్కువవుతుంది. జపనీస్‌లో క్రియ వాక్యం చివర వస్తుంది, మనకూ అంతే. వాళ్ల గుర్తులు పేరు వెనక అతుక్కుంటాయి, మన కి, ని, లో కూడా అట్లనే అతుక్కుంటాయి. 'అమ్మకు ఫోన్ చేస్తా' అనే మాటను ముక్కముక్కగా మార్చుకుంటూ పో, 'హహ ని దెన్వ ఒ షిమసు' దానంతట అదే వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే అమ్మ పక్కన ఏ గుర్తూ కనబడదు, అప్పుడు హహ పక్కన ఒ పెట్టాలనిపిస్తుంది. తెలుగే నయం. కాకపోతే తెలుగును ఎక్కడిదాకా నమ్మాలో తెలిసి ఉండాలి.

ముందు ఆ 'ని' సంగతి తేల్చుకుందాం, తెలుగువాళ్లను బాగా తికమక పెట్టేది అదే. జపనీస్ 'ని', మన 'ని' వినడానికి ఒకటే, చేసే పనులు వేరు. 'రమను పిలిచిన', 'పిల్లవాడిని చూసిన' అన్నప్పుడు మన ని, ను చేసే పని జపనీస్‌లో 'ఒ' చేస్తుంది. జపనీస్ 'ని' చేసేది ఎక్కువగా మన కి, కు చేసే పని: స్టేషన్‌కు పోతా, ఆరు గంటలకు లేస్తా, అమ్మకు ఇస్తా. ఉండే చోటు చెప్పేటప్పుడు మన 'లో' పని కూడా అదే చేస్తుంది. 'వరంగల్‌లో కోట ఉంది' అంటే 'వరంగల్ ని షిరొ గ అరిమసు'. కాబట్టి నోట్‌బుక్ మొదటి పేజీలో రెండు ముక్కలు రాసి పెట్టుకో: మన ని వాళ్ల ఒ, మన కి వాళ్ల ని. (ఈ ఒ రాసేటప్పుడు 'వొ' అక్షరం, పలికేటప్పుడు ఒ. వ కూడా అంతే, రాసేది 'హ' అక్షరం.)

ఇంకో మెలిక ఉంది. ప్రాణం లేని వాటికి మనం ని, ను పెట్టకుండానే మాట్లాడుతాం. 'అన్నం తిన్న', 'నీళ్లు తాగిన' అంటాం, 'అన్నాన్ని తిన్న' అనం. పరీక్షలో జపనీస్‌కు అది కుదరదు, 'గొహన్ ఒ తబెమషిత', 'మిజు ఒ నొమిమషిత' అని గుర్తు పెట్టే రాయాలి. మరి తెలుగులో ఏ గుర్తూ లేకుండా నిలబడ్డ పేరుకు ఒ పెట్టాలా, గ పెట్టాలా? ఒక చిన్న పరీక్ష చెప్తా. ఆ పేరుకు ని తగిలించి చూడు. 'అన్నాన్ని తిన్న' పుస్తకం భాషలా ఉంటుంది కాని తప్పు కాదు, కాబట్టి అక్కడ ఒ. ఇప్పుడు నీ వాక్యానికి పెట్టి చూడు: 'నాకు చేపని ఇష్టం'. అట్ల ఎవరైనా అంటారా? అనరు. కాబట్టి సకన పక్కన ఒ రాదు, గ వస్తుంది. నువ్వు బహుశా 'చేపని ఇష్టపడతా' అనో, ఇంగ్లిష్ వాక్యాన్నో మనసులో పెట్టుకొని ఒ రాసి ఉంటావు. సుకి అనేది క్రియ కాదు, మన 'ఇష్టం' లాంటి మాట. 'ఇష్టం' దగ్గర ని ఎట్ల నిలబడదో సుకి దగ్గర ఒ కూడా అట్లనే నిలబడదు.

ఇక మొదటి ఖాళీ. 'నాకు' కనబడింది కాబట్టి ని పెట్టినవు. ఇక్కడ తెలుగు నిన్ను సగం దారి తీసుకుపోయి వదిలేసింది. మనకు 'నాకు'తో మొదలయ్యే వాక్యాలు ఒక పెద్ద గుంపు ఉన్నాయి: నాకు చేప ఇష్టం, నాకు జపనీస్ వచ్చు, నాకు జపనీస్ అర్థమవుతుంది, నాకు డబ్బు కావాలి, నాకు తల నొప్పి, నాకు ఇద్దరు తోబుట్టువులున్నారు. వీటిలో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వట్లేదు, నేను ఏ పనీ చేయట్లేదు. ఉన్న సంగతి చెప్తున్నాం, అంతే. జపనీస్ ఈ గుంపు మొత్తాన్నీ ఒకే అచ్చులో పోస్తుంది, 'నాకు' ఉన్న చోట వ, గుర్తు లేని పేరు ఉన్న చోట గ.

వతషి వ సకన గ సుకి దెసు.
వతషి వ నిహొంగొ గ దెకిమసు.
వతషి వ నిహొంగొ గ వకరిమసు.
వతషి వ ఒకనె గ హొషీ దెసు.
వతషి వ అతమ గ ఇతై దెసు.
వతషి వ క్యోదై గ ఫుతరి ఇమసు.

ఈ ఆరింటి తెలుగు పక్కన పెట్టుకొని పైకి చదువు. అయిదోది నీకు రోజూ పనికొస్తుంది, వార్డులో పేషంట్లు చెప్పేది ఈ అచ్చులోనే: ఒనక గ ఇతై అంటే కడుపు నొప్పి, అషి గ ఇతై అంటే కాలు నొప్పి. కంటికి కనబడడం, చెవికి వినబడడం కూడా ఈ గుంపులోవే. 'కొండ కనబడుతున్నది' అంటే 'యమ గ మిఎమసు'.

కాని 'నాకు' ఉన్న ప్రతిచోటా ఇదే అచ్చు అనుకోవద్దు. 'దోస్తు నాకు పుస్తకం ఇచ్చింది' అన్నప్పుడు నిజంగా ఒక వస్తువు నా చేతికొచ్చింది, అక్కడ నాకు అంటే వతషి ని: 'తొమొదచి గ వతషి ని హొన్ ఒ కురెమషిత'. ఇంకొకటి, 'నాకు తనక గారు తెలుసు' తెలుగులో అచ్చం పై గుంపులానే ఉంటుంది. కాని జపనీస్‌లో షిత్తె ఇమసు మామూలు క్రియ, అది ఒ అడుగుతుంది: 'తనక-సన్ ఒ షిత్తె ఇమసు'. ఇది బట్టీ పట్టాల్సిందే, వేరే దారి లేదు. తినాలని ఉంది, తాగాలని ఉంది అని చెప్పే తై రూపం దగ్గర మాత్రం రెండూ నడుస్తాయి, 'మిజు గ నొమితై', 'మిజు ఒ నొమితై' అని రెండు రకాలుగానూ అంటారు.

ఇప్పటిదాకా చెప్పిందంతా చివరి మాట చూశాకే తేలిందని గమనించినవా? సుకి ఉందా, ఇమసు ఉందా, తబెమసు ఉందా అన్నదాన్ని బట్టే ముందున్న పేర్ల గుర్తులు మారుతున్నాయి. కాబట్టి ఖాళీ కనబడగానే పెన్ను పెట్టకు. వాక్యం చివరికి పోయి ఆ మాట చదివి, అప్పుడు వెనక్కి రా. కొన్ని క్రియలు తెలుగు లెక్కకు లొంగవు, వాటిని గుర్తుతో కలిపే నేర్చుకోవాలి.

నీ మూడో తప్పు అక్కడిదే. 'దోస్తును కలిసిన' అని మనం ను పెడతాం. జపనీస్‌లో ఐమసు మామూలుగా ని అడుగుతుంది: 'తొమొదచి ని ఐమసు'. అడగడం కూడా అంతే. 'సారును అడిగిన' అంటే 'సెన్సే ని కికిమషిత'. అదే కికిమసుకు వినడం అనే అర్థం కూడా ఉంది, పాట విన్నప్పుడు మాత్రం ఒ: 'ఉత ఒ కికిమసు'. పిలవడం, చూడడం మన లెక్క ప్రకారమే నడుస్తాయి, 'తొమొదచి ఒ యొబిమసు'. దీనికి ఎదురు తిరిగేది సాయం చేయడం. మనం 'అమ్మకు సాయం చేస్తా' అంటాం, వాళ్లు 'హహ ఒ తెత్సుదైమసు' అంటారు. నర్సు పనిలో తెత్సుదైమసు తరచుగా వస్తుంది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ కన్నేసి ఉంచు.

బస్సు ఎక్కడం, దిగడం ఇంకో జంట. తెలుగులో రెండింటికీ ఏ గుర్తూ ఉండదు: బస్సు ఎక్కిన, బస్సు దిగిన. జపనీస్‌లో ఎక్కితే ని, దిగితే ఒ: 'బసు ని నొరిమసు', 'బసు ఒ ఒరిమసు'. ఎక్కేటప్పుడు నువ్వు బస్సులోకి చేరుతున్నవు, చేరే చోటుకు ని. దిగేటప్పుడు దాన్ని వదిలి వస్తున్నవు, వదిలే చోటుకు ఒ. ఇంట్లోంచి బయలుదేరడం కూడా వదలడమే, అందుకే 'ఇఎ ఒ దెమసు'. వంతెన దాటినా, రోడ్డు వెంట నడిచినా ఒ నే వస్తుంది. ఇవన్నీ నీ పరీక్షలో తప్పక కనబడతాయని అనను, ఎక్కడం దిగడం మాత్రం ప్రాథమిక పుస్తకాల్లో మామూలుగా ఉంటాయి. చివరగా 'అవడం': 'నర్సు అయిన' అనడానికి మనం ఏమీ పెట్టం, వాళ్లు 'కంగొషి ని నరిమషిత' అని ని పెడతారు.

వీటిని రాసుకునేటప్పుడు 'ఐమసు అంటే కలవడం' అని రాయకు. 'ని ఐమసు', 'ని నొరిమసు', 'ఒ ఒరిమసు', 'ఒ తెత్సుదైమసు', 'గ వకరిమసు' అని గుర్తును క్రియ ముందు అంటించి ఒకే మాటలా రాయి. నోటికి కూడా అట్లనే రానీ.

ఇక వ గురించి. నాలుగింటిలో దీన్ని చివరికి వదిలిపెట్టిన, ఖాళీలు నింపేటప్పుడు నువ్వు కూడా చివరికే వదలాలి. గ, ఒ, ని ఆ పేరుకు క్రియతో ఉన్న సంబంధం చెప్తాయి: చేసేది ఎవరు, చేయబడేది ఏది, ఎవరికి, ఎక్కడ. వ ఆ సంబంధం చెప్పదు. 'ఇప్పుడు మాట్లాడేది దీని గురించి' అని ఎత్తి చూపుతుంది, అంతే. అందుకే అది మిగతా గుర్తుల మీద కూర్చుంటుంది. గ మీద కూర్చుంటే గ మాయమవుతుంది, ఒ మీద కూర్చుంటే ఒ మాయమవుతుంది, ని మీద కూర్చుంటే మాత్రం ని మిగిలి 'నివ' అవుతుంది.

మన పక్క మాటలో దీనికి మంచి తోడు ఉంది, 'ఐతె'. 'మాంసం ఐతె తింట గని చేపలైతె తినను' అంటాం కదా, అదే జపనీస్‌లో 'నికు వ తబెమసు గ, సకన వ తబెమసెన్'. మాంసం, చేప రెండూ తినే వస్తువులే, లెక్క ప్రకారం ఒ రావాలి. ఒకదానికెదురుగా ఒకటి పెట్టి చెప్తున్నాం కాబట్టి ఒ పోయి వ వచ్చింది. ఈ వాక్యం మధ్యలో తబెమసు వెనక ఉన్న గ చూసి కంగారు పడకు. క్రియ వెనక, దెసు వెనక వచ్చే గ అంటే 'గని'. మనం మాట్లాడుకుంటున్న గ పేరు వెనకే వస్తుంది.

గ కు కూడా తెలుగులో ఒక ఆనవాలు ఉంది, పేరు చివర సాగదీసే ఏ. 'నేనే పోతా' అంటే 'వతషి గ ఇకిమసు', పోయేది ఇంకెవరో కాదు నేనే అని. 'నేను పోతా', 'నేనైతె పోతా' అంటే 'వతషి వ ఇకిమసు'. కాని ఏ పట్టకపోతే గ కాదని తేల్చేయకు. 'వాన పడుతున్నది' అనే మాటలో ఏ లేదు, ఐతె కూడా పట్టదు. కిటికీలోంచి చూసి, ఉన్నది ఉన్నట్టు మొదటిసారి చెప్తున్నవు. అక్కడా గ నే: 'అమె గ ఫుత్తె ఇమసు'. వినేవాళ్లకు కొత్త సంగతి అయితే గ, ముందే తెలిసిన దాని గురించి ఇంకేదైనా చెప్తే వ. ఒక్క వాక్యమే ఇచ్చినప్పుడు ఏది కొత్త, ఏది పాత అన్నది తెలియదు. పేరాగా ఇచ్చినప్పుడు తెలుస్తుంది. జపనీస్ భాషా పరీక్ష జెఎల్‌పిటిలో అన్నిటికంటే కింది మెట్టైన ఎన్5 పేపర్లో విడి వాక్యాలే కాక చిన్న పేరా ఇచ్చి అందులో ఖాళీలు నింపమనే భాగం కూడా ఉంటుంది, అందుకని ఒక పేరా మీదే చేసి చూపిస్తా. హనుమకొండ నుంచి కాజీపేట స్టేషన్‌కు రోజూ పోయే అమ్మాయి రాసుకుందనుకో:

వతషి (1) మైఅస రొకుజి (2) ఒకిమసు.
బసు (3) నొత్తె, ఎకి (4) ఇకిమసు.
ఎకి (5) ఇను (6) ఇమసు.
వతషి (7) సొనొ ఇను (8) సుకి దెసు.
మైనిచి ఇను (9) పన్ (10) అగెమసు.
దెమొ, కినో, ఇను (11) ఇమసెన్ దెషిత.

నేను రోజూ పొద్దున ఆరు గంటలకు లేస్తా. బస్సెక్కి స్టేషన్‌కు పోతా. స్టేషన్‌లో ఒక కుక్క ఉంది. నాకు ఆ కుక్క ఇష్టం. రోజూ కుక్కకు బ్రెడ్ పెడతా. కాని నిన్న కుక్క లేదు.

వ ను పక్కన పెట్టి, చివరి మాటల నుంచి వెనక్కి వద్దాం. మొదటి వాక్యంలో ఒకిమసు, లేవడం. ఆరు గంటలకు అన్నాం, కాబట్టి 2 లో ని. మైఅస అంటే రోజూ పొద్దున, దానికి తెలుగులో కు లేదు, జపనీస్‌లోనూ ఏ గుర్తూ రాదు. రేపు, నిన్న, ఈరోజు కూడా అంతే, ఉత్తగా నిలబడతాయి. ఒక్క వారం పేర్ల దగ్గరే తెలుగు తప్పుదారి పట్టిస్తుంది. మనం 'సోమవారం వస్తా' అని ఏమీ పెట్టకుండా అంటాం, వాళ్లు మామూలుగా 'గెత్సుయోబి ని కిమసు' అని ని పెడతారు. రెండో వాక్యంలో నొత్తె అనేది నొరిమసుకు 'ఎక్కి' రూపం, ఎక్కడానికి ని అనుకున్నాం, 3 లో ని. స్టేషన్‌కు పోతా, 4 లోనూ ని.

మూడో వాక్యం చివర ఇమసు, ఉండడం. ఎక్కడ ఉంది? స్టేషన్‌లో, 5 లో ని. ఏది ఉంది? కుక్క. ఈ కుక్క చదివేవాళ్లకు ఇప్పుడే మొదటిసారి ఎదురైంది, 6 లో గ. నాలుగోది 'నాకు ఇష్టం' అచ్చు, 7 లో వ, 8 లో గ. సొనొ, అంటే 'ఆ', ఉంది కాబట్టి ఇది తెలిసిన కుక్కే కదా, వ ఎందుకు పెట్టకూడదు అనిపించవచ్చు. ఈ వాక్యం ఎవరి గురించి అన్నది అప్పటికే వతషి దగ్గర వ తో తేలిపోయింది, ఇష్టమైన వస్తువుకు గ మిగిలింది. అయిదో వాక్యంలో కుక్కకు బ్రెడ్, 9 లో ని, 10 లో ఒ. 'బ్రెడ్‌ని పెడతా' అనగలం, పరీక్ష నిలబడింది.

చివరిది చూడు. మళ్లీ ఇను, మళ్లీ ఉండడమే, ఈసారి లేకపోవడం. మూడో వాక్యాన్ని చూసి గ పెట్టేవాళ్లే ఎక్కువ. కాని ఈ కుక్క ఇప్పుడు కొత్తది కాదు, మూడు వాక్యాలుగా దాని గురించే మాట్లాడుతున్నాం. 'కుక్కైతె నిన్న లేదు' అని తెలుగులో ఐతె కూడా పడుతుంది. 11 లో వ. కాదు, లేదు అనే వాక్యాల్లో వ తరచుగా వస్తుంది, కాని లేదు కనబడిన ప్రతిచోటా వ అని గుర్తుపెట్టుకుంటే మోసపోతావు. 'నాకు డబ్బు లేదు' మామూలుగా 'ఒకనె గ అరిమసెన్' నే. ఇక మిగిలింది 1. వతషి గ పెడితే 'రోజూ ఆరింటికి లేచేది నేనే' అవుతుంది. ఎవరు లేస్తారని ఎవరూ అడగలేదు, తన గురించి చెప్పుకుంటున్నది, కాబట్టి వ.

ఎంపికల్లో 'దె' కూడా ఇస్తారు, 5 లాంటి ఖాళీలో అదే ఎర. మన 'లో' రెండు పనులు చేస్తుంది. స్టేషన్‌లో ఉంది అంటే ని, స్టేషన్‌లో తింటున్నది అంటే దె. ఉండడమా, పని చేయడమా అని చివరి మాట చూస్తే చాలు.

వ, గ మధ్య ఒక చోట మాత్రం ఆలోచించే పనే లేదు. ఖాళీకి ముందు ప్రశ్న మాట ఉంటే, అంటే దరె (ఎవరు), నని (ఏమిటి), దొరె (ఏది) లాంటివి ఉంటే, అక్కడ వ రాదు. 'దరె ( ) కిమషిత క', ఎవరు వచ్చారు? గ. జవాబులోనూ అదే గుర్తు నిలుస్తుంది, 'తనక-సన్ గ కిమషిత'. ఎవరన్నది తెలియకనే అడుగుతున్నాం, తెలియనిదాన్ని 'దీని గురించి మాట్లాడుతున్నాం' అని ఎత్తి చూపలేం కదా. ప్రశ్న మాట ఖాళీ తర్వాత వస్తే మామూలుగా వ: 'నమఎ ( ) నన్ దెసు క', నీ పేరు ఏమిటి, వ.

ఇంకొక చోటు ఉంది, పాఠాలు కొంచెం ముందుకు పోయాక వస్తుంది. 'అమ్మ వండిన కూర తిన్న' అన్నట్టు ఒక వాక్యం ఇంకో పేరుకు విశేషణంగా అంటుకున్నప్పుడు, లోపలి కర్తకు వ పెట్టరు: 'హహ గ త్సుకుత్త కరే ఒ తబెమషిత'. అక్కడ వ పెడితే కూర తిన్నది అమ్మ అయిపోతుంది.

కీ తో నీ జవాబు కలవనప్పుడు నువ్వే తప్పు అని వెంటనే అనుకోకు. 'సకన ( ) తబెమసెన్' అని ఒక్క వాక్యమే ఇచ్చి వ, ఒ రెండూ ఎంపికల్లో పెడితే ఆ ప్రశ్నే తప్పు, రెండూ సరైనవే. ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత వర్క్‌షీట్లలో ఇట్లాంటివి ఉంటాయి. శ్రద్ధగా కూర్చిన పేపర్లో, రెండూ కుదిరే చోట రెండింటిలో ఒకటే ఇస్తారు, లేదంటే ముందువెనకలు చూపించే ఇంకో వాక్యం ఇస్తారు. కీ లో వ ఉండి నువ్వు గ లేదా ఒ రాసి ఉంటే, ఆ వాక్యం పక్కన ఇంకేం ఉందో చూడు. ఏమీ లేకపోతే దాన్ని వదిలేసి ముందుకు పో. కీ లో ని ఉండి నువ్వు ఒ రాస్తే మాత్రం వదలకు, అది నువ్వు నేర్చుకోవాల్సిన క్రియ.

నాలుగు వాక్యాలు ఇస్తున్నా, కింద జవాబులు చూడకుండా చెయ్యి.

సెన్సే ( ) షిత్సుమొన్ ( ) షిమసు.
దరె ( ) బసు ( ) ఒరిమషిత క.
వతషి ( ) ఒనక ( ) ఇతై దెసు.
అనె ( ) క్యొనెన్ కంగొషి ( ) నరిమషిత.

మొదటిది ని, ఒ: సారుకు ప్రశ్న వేయడం. రెండోది గ, ఒ: ముందు ప్రశ్న మాట, చివర దిగడం. మూడోది వ, గ: నొప్పి అచ్చు. నాలుగోది వ, ని: మా అక్క పోయినేడు నర్సు అయింది. క్యొనెన్, పోయినేడు, కు ఏ గుర్తూ లేదు చూడు, నిన్న, రేపు లాంటిదే అది. ఈ నాలుగోదాంట్లో మొదటి ఖాళీకి గ పెట్టినా వ్యాకరణం ఒప్పుకుంటుంది, 'ఎవరు నర్సు అయ్యారు' అని ఎవరైనా ముందు అడిగి ఉంటే.